కుమార్తె విద్యార్థి వీసా కోసం బ్యాలెన్సు సర్టిఫికెట్టు, ధ్రువీకరించిన స్టేట్‌మెంటు కోరుతూ బ్రాంచి మేనేజరు గారికి దరఖాస్తు

ముమ్మిడివరం,
15 జూలై 2025.

శ్రీయుత బ్రాంచి మేనేజరు గారికి,
ముమ్మిడివరం బ్రాంచి,
డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా.

విషయం: బ్రిటన్ విద్యార్థి వీసాకు ఆర్థిక ఆధారంగా సమర్పించేందుకు నా పొదుపు ఖాతా, రెండు ఫిక్సెడ్ డిపాజిట్లకు సంబంధించిన బ్యాలెన్సు సర్టిఫికెట్టు, బ్రాంచి ముద్రతో ధ్రువీకరించిన స్టేట్‌మెంటు ఇప్పించవలసిందిగా మనవి.

అయ్యా,

నేను మీ బ్రాంచిలో 2009 నుంచి ఖాతాదారుణ్ణి. ముమ్మిడివరం మండలంలో కొబ్బరితోట, రొయ్యల చెరువులు సాగుచేసుకుంటున్నాను. మా అమ్మాయి సాయి హర్షితకు బ్రిటన్‌లోని లీడ్స్ నగరంలో ఎమ్మెస్సీ కోర్సులో ఈ సెప్టెంబరుకు సీటు వచ్చింది. ఫీజు 17,500 పౌండ్లలో 5,000 పౌండ్లు ఇప్పటికే కట్టాము. మిగిలిన 12,500 పౌండ్లకు తోడు, లండను బయట చదివే విద్యార్థులకు అక్కడి ప్రభుత్వం నిర్ణయించిన ప్రకారం నెలకు 1,136 పౌండ్ల చొప్పున తొమ్మిది నెలల జీవన వ్యయం 10,224 పౌండ్లు కూడా మా దగ్గర ఉన్నట్టు చూపించాలి. మొత్తం 22,724 పౌండ్లు, అంటే నేటి మారకపు రేటు ప్రకారం ఇరవై ఆరున్నర లక్షల రూపాయల లోపు.

ఈ సొమ్ము దరఖాస్తు చేసే రోజున ఖాతాలో కనబడితే చాలదు. వరుసగా 28 రోజులపాటు ఏ ఒక్క రోజూ నిర్ణీత మొత్తానికి తగ్గకుండా నిలిచి ఉండాలి. ఆ 28 రోజుల్లో చివరి రోజుకూ వీసా దరఖాస్తు తేదీకీ మధ్య 31 రోజులకు మించి ఎడం ఉండకూడదు. మామూలుగా బ్రాంచిలో ఇచ్చే సర్టిఫికెట్టులో ‘ఫలానా తేదీ నాటికి నిల్వ ఇంత’ అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. అది మిగతా అవసరాలకు సరిపోతుందేమో గాని దీనికి సరిపోదు. నిరుడు మా పక్క ఊరి కుర్రవాడు వేరే ఒక బ్యాంకు ఇచ్చిన అటువంటి కాగితం ఒక్కటే జతచేయగా, 28 రోజుల నిల్వకు ఆధారం లేదని వీసా నిరాకరించారు. అందువల్లనే కొంచెం వివరంగా రాస్తున్నాను, విసుక్కోవద్దని మనవి.

నా పొదుపు ఖాతాలో (చివరి అంకెలు 4417) నిన్న, అంటే జూలై 14 సాయంత్రానికి, 12,86,440 రూపాయలు ఉన్నాయి. 10,00,000 రూపాయలకు ఒకటి, 6,00,000 రూపాయలకు ఒకటి, మొత్తం రెండు ఫిక్సెడ్ డిపాజిట్లు 2024లో వేసినవి ఉన్నాయి. అన్నీ కలిపితే 28,86,440 రూపాయలు. జూన్ 17 నుంచి జూలై 14 వరకు గల 28 రోజుల్లో పొదుపు ఖాతా నిల్వ 12,10,000కు దిగువకు రాలేదని పాసుపుస్తకం వల్ల తెలుస్తున్నది. కాబట్టి ఏప్రిల్ 1 నుంచి జూలై 14 వరకు పూర్తి స్టేట్‌మెంటు తీసి, ప్రతి పేజీమీద బ్రాంచి గుండ్రటి ముద్ర, అధికారి సంతకం వేయించగలరు. చివరి పేజీ ఒక్కదాని మీదే ముద్ర వేస్తే, మధ్య పేజీలు మార్చలేదని ఎలా నమ్మాలన్న సందేహం అవతలివారికి కలగవచ్చు.

ఈ స్టేట్‌మెంటులో జూన్ 16న ఒకేసారి 7,80,000 రూపాయలు జమ అయినట్టు కనిపిస్తుంది. అది వేసవి పంట రొయ్యలు పట్టినప్పుడు కొనుగోలుదారు ఆర్టీజీఎస్ ద్వారా పంపిన సొమ్ము. దరఖాస్తుకు ముందు పెద్ద మొత్తం వచ్చి పడితే అప్పు తెచ్చి పెట్టారేమోనని అనుమానిస్తారు. ప్రింటులో వివరాల గడి సగంలోనే తెగిపోతే పంపినవారి పేరు కనబడదు; దయచేసి ఆ ఎంట్రీ పూర్తిగా వచ్చేటట్టు తీయించండి. కొనుగోలుదారు ఇచ్చిన బిల్లు నకలును వీసా దరఖాస్తుతో మేము విడిగా జతచేస్తాము.

ఫిక్సెడ్ డిపాజిట్ల విషయంలో ఒక మాట స్పష్టంగా రాయవలసి ఉంది. గడువు తీరకుండా ఎప్పుడైనా తీసుకోదగినవేననీ, వాటిమీద అప్పు గాని తాకట్టు గాని లేదనీ సర్టిఫికెట్టులో ఉండాలి. ఆ వాక్యం లేకపోతే డిపాజిట్టును చేతిలో ఉన్న డబ్బుగా లెక్కవేయరు. ప్రారంభ తేదీ, గడువు తేదీ కూడా చూపించండి. ఆరు లక్షల డిపాజిట్టు నా భార్యతో ఉమ్మడిగా ఉన్నది కనుక ఇద్దరి పేర్లూ రావాలి; ఆ సొమ్ము అమ్మాయి చదువుకు వాడుకోవడానికి మేమిద్దరమూ సమ్మతిస్తూ రాసిన ఉత్తరాలు, ఆమె జనన ధ్రువపత్రం మా దగ్గర సిద్ధంగా ఉన్నాయి.

పేరు విషయంలో కూడా జాగ్రత్త అవసరం. ఖాతాలో నా పేరు P VEERABHADRARAO అని పొట్టిగా ఉంది. అమ్మాయి జనన ధ్రువపత్రంలోనూ, నా పాన్ కార్డులోనూ PENUMALLA VEERABHADRA RAO అని ఉంది. ఇద్దరూ ఒకరేనా అన్న ప్రశ్న రాకుండా, మీ రికార్డులో పాన్ ప్రకారం పేరు సరిచేసిన తరువాతే సర్టిఫికెట్టు ముద్రించవలసిందిగా కోరుతున్నాను. అందుకు కావలసిన ఫారం, పాన్, ఆధార్ నకళ్ళు ఈ దరఖాస్తుతోనే ఇస్తున్నాను.

సర్టిఫికెట్టు బ్యాంకు పేరు, చిహ్నం ఉన్న లెటర్‌హెడ్‌మీద ఇంగ్లీషులో ఉండాలి. తేదీ, ఖాతాదారు పూర్తి పేరు, పూర్తి ఖాతా సంఖ్యలు, ఖాతా తెరిచిన తేదీ, నిల్వ మొత్తాలు రూపాయల్లో, పైన చెప్పిన 28 రోజుల కనిష్ఠ నిల్వ, సంతకం చేసే అధికారి పేరు, హోదా, బ్రాంచి ఫోను నంబరు అందులో రావాలి. పౌండ్ల లెక్క వేయకపోయినా ఫరవాలేదు; దరఖాస్తు నాటి రేటును వాళ్ళే తమ పద్ధతిలో చూసుకుంటారు. వీసా అధికారులు బ్రాంచికి ఫోను చేసి గాని ఈమెయిలు రాసి గాని విచారించే అవకాశం ఉన్నది కనుక, సర్టిఫికెట్టు నకలు ఫైలులో ఉంచి, సిబ్బందికి తెలియజేయగలరు.

నా పంట రుణం ఖాతా ఇదే బ్రాంచిలో ఉన్నదన్నది మీకు తెలిసిన విషయమే. అది సక్రమంగా నడుస్తున్నది, దాచవలసింది ఏమీ లేదు. అయినా ఈ సర్టిఫికెట్టు డిపాజిట్ల వరకే గనుక అందులో దాని ప్రస్తావన అవసరం లేదనుకుంటున్నాను. కొబ్బరితోట, చెరువుల విలువ గాని, ఆడిటరు లెక్కగట్టిన ఆస్తుల పత్రం గాని ఈ వీసాకు నిధుల కింద లెక్కకు రావు కనుక వాటి గురించి మిమ్మల్ని ఏమీ అడగడంలేదు.

సర్టిఫికెట్టుకూ స్టేట్‌మెంటుకూ అయ్యే చార్జీలు, జీఎస్టీతో సహా, నా పొదుపు ఖాతా నుంచి మినహాయించుకోవచ్చు. ఈ నెల 28తో మొదలయ్యే వారంలో అమ్మాయి ఆన్‌లైన్ దరఖాస్తు పూర్తిచేసి, హైదరాబాదులో వేలిముద్రలు ఇవ్వవలసి ఉంది. కాబట్టి ఈ నెల 22లోగా రెండు ప్రతులు ఇప్పిస్తే, ఏదైనా పొరపాటు ఉన్నా మళ్ళీ తీయించుకోవడానికి వ్యవధి ఉంటుంది. నాట్ల పనులు సాగుతున్నా, కాగితాలు తీసుకోవడానికి నేనే స్వయంగా వస్తాను; మరెవరికీ ఇవ్వవద్దని మనవి.

ఇట్లు,
తమ విధేయుడు,
పెనుమళ్ళ వీరభద్రరావు

జతపరచినవి: పాసుపుస్తకం మొదటి పేజీ, రెండు డిపాజిట్టు రసీదుల నకళ్ళు, పేరు సవరణ ఫారం, పాన్, ఆధార్ నకళ్ళు, విశ్వవిద్యాలయం పంపిన ప్రవేశ పత్రం నకలు, ఉమ్మడి డిపాజిట్టు వివరాలు ఇవ్వడానికి నా భార్య సంతకంతో సమ్మతి.