మన పూతరేకుల వీడియో ఓకే అయిందా, బయటికి వచ్చిందా?

ఆత్రేయపురం,
జూలై 14

రవి గారికి,

నమస్కారమండి. పోయిన సోమవారం మీరు వాట్సాప్‌లో పంపిన 45 సెకన్ల వీడియో చూసి, రెండు మార్పులు చెప్పి, అవి చేస్తే మాకు ఓకే అని ఆ రాత్రే మెసేజ్ పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి గానీ జవాబు రాలేదు. ఫోన్ చేస్తే షూటింగ్‌లో ఉన్నారని మీ కుర్రాడు చెప్పాడు. అందుకే వివరంగా రాస్తున్నాను.

అసలు టెన్షన్ ఎందుకంటే, నిన్న కారులో వచ్చిన ఒకావిడ "మీ వీడియో చూశామండి" అంటూ డ్రైఫ్రూట్ రేకులు రెండు బాక్సులు తీసుకున్నారు. ఎక్కడ చూశారని అడిగితే ఫోన్‌లో చాలాసేపు వెతికారు, దొరకలేదు. మా అబ్బాయి యూట్యూబ్‌లోనూ ఇన్‌స్టాలోనూ చూశాడు, వాడికీ కనపడలేదు. వీడియో బయటికి వచ్చిందా? వస్తే అది మార్పులు చేసినదేనా, పాతదా?

పాతదైతే వెంటనే తీసేయండి. దాని చివర మా ఫోన్ నంబర్లో ఆఖరి రెండు అంకెలు తారుమారయ్యాయి. ఆర్డర్లన్నీ ఇంకెవరికో పోతాయి. ఇక రెండోది, వెనక గొంతు "జీఐ గుర్తింపు పొందిన మా దుకాణం" అంటోంది. 2023లో ఆ గుర్తింపు వచ్చింది ఆత్రేయపురం పూతరేకులకు, నా ఒక్కడి కొట్టుకు కాదు. అది అలాగే వెళ్తే పక్క కొట్ల వాళ్ళకి నేను మొహం ఎలా చూపించను? "జీఐ గుర్తింపు పొందిన ఆత్రేయపురం పూతరేకులు" అంటే సరిపోతుంది.

వీడియో మాత్రం బాగా తీశారు, ఆ మాట చెప్పాలి. పిండిలో ముంచిన గుడ్డని వేడి కుండ మీద ఇలా లాగగానే రేకు పొరలా లేచే షాట్ ఉంది చూడండి, అది మా ఆవిడ నాలుగుసార్లు వేయించుకుని చూసింది. ఎడిటింగ్‌లో దాన్ని మాత్రం కత్తిరించకండి.

ప్రకటన కోసం ఇచ్చిన 5,000 సంగతి కూడా చెప్పండి. ఫేస్‌బుక్ వాళ్ళ రివ్యూలో ఆగిందా, రిజెక్ట్ అయిందా, నడుస్తోందా? నడుస్తుంటే ఇప్పటిదాకా ఎంత ఖర్చయిందో స్క్రీన్‌షాట్ పంపండి. ఇంకా మొదలు కాకపోతే శ్రావణం ముందు వారం నుంచి నడపండి. పెళ్లిళ్ల సారెకి, వరలక్ష్మీ వ్రతానికి ఆర్డర్లు అప్పుడే వస్తాయి. ఆషాఢంలో డబ్బు తగలేస్తే మాకేం లాభం?

వీడియో పబ్లిక్ చేసిన లింకు పంపితే, నంబరూ మాటలూ సరిచూసుకుని మిగతా 8,000 ఆ రోజే ఫోన్‌పే చేస్తాను. గురువారం సాయంత్రంలోగా చెప్పండి, రేకులు వేసే ఆడవాళ్ళకి ఎంతమంది కావాలో నేను ముందే చెప్పుకోవాలి.

ఇట్లు,
వీర్రాజు
పూతరేకుల దుకాణం, ఆత్రేయపురం