గ్రామ సంఘం నెలవారీ సమావేశం: కమ్యూనిటీ కోఆర్డినేటర్, అంటే సీసీ, నడిపిన తీరుపై మదింపు

సీసీ గారికి,

ఈ నెల 12న మీరు నడిపిన గ్రామ సంఘం సమావేశంలో మొదటి నుంచి చివరి దాకా కూర్చున్నాను. 12 పొదుపు సంఘాల నుంచి 24 మంది రావాల్సి ఉండగా 21 మంది వచ్చారు. ఒక్కో అంశానికి 5 మార్కుల చొప్పున నా మదింపు ఇది.

ఎజెండా అదుపు – 4. అంశాలు ఆరూ చార్టు మీద రాసి గోడకు అంటించారు, బాగుంది. రెండు సంఘాల వాళ్లు పాత అప్పు మీద వాదులాడుకుంటుంటే, "ఇది మీ సంఘంలో తేలాల్సిన మాటక్కా, శుక్రవారం నేనొచ్చి కూర్చుంటా" అని ఆపిన తీరు నాకు నచ్చింది. ఎవరూ చిన్నబుచ్చుకోలేదు. పింఛన్ల ముచ్చట దగ్గర మాత్రం పట్టు తప్పింది.

మాట్లాడని వాళ్లతో మాట్లాడించడం – 3. మొదటి గంటంతా అధ్యక్షురాలు, ముందు వరుసలోని నలుగురే మాట్లాడారు. మీరు "ఎవరికైనా అభ్యంతరం ఉందా?" అని మూడుసార్లు అడిగారు. అలా అడిగితే మన ఊళ్లలో ఎవరు నోరు విప్పుతారు? బకాయిల అంశానికి వచ్చేసరికి పద్ధతి మార్చి, వెనక వరుస నుంచి ఒక్కో సంఘాన్నీ అడిగారు. అప్పుడే గోడవారన కూర్చున్న తండా సంఘం ఆమె, "కిస్తీ 5న కట్టమంటరు, మాకు పాల బిల్లు 10 దాటినంకనే వస్తది" అంది. నాలుగు నెలలుగా వాళ్లను మొండి బకాయిదారులని అంటున్నాం. అసలు సంగతి ఆ ఒక్క మాటతో బయటపడింది. మీరు తలూపి తర్వాతి సంఘాన్ని పిలిచారు. అక్కడ ఆగాల్సింది.

సమయపాలన – 2. 11 గంటలకన్నది 11.25కు మొదలైంది. హాజరు, పొదుపు లెక్కలకే 40 నిమిషాలు పట్టింది. అన్నిటికన్నా ముఖ్యమైన స్త్రీనిధి రుణాల ఎంపిక చివరి పది నిమిషాల్లో పడింది. ఆటో వచ్చిందని సగం మంది లేచి నిలబడ్డాక అధ్యక్షురాలు పేర్లు చదివేశారు. అది ఎంపిక కాదు.

స్పష్టమైన నిర్ణయాలు – 2. మినిట్స్ పుస్తకం చూశాను. నాలుగు చోట్ల "చర్చించి తీర్మానించడమైనది" అని ఉంది. ఎవరు చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అన్నది ఒక్క చోటే కనిపించింది. తండా మాట అసలే ఎక్కలేదు.

మొత్తం 20కి 11. వచ్చే నెల సమావేశం కూడా మీరే నడపండి, నేను వస్తాను. రుణాల ఎంపికను హాజరు తర్వాత రెండో అంశంగా పెట్టండి. ఈ నెల చదివిన పేర్లను అప్పుడు మళ్లీ సభ ముందుంచాలి, అప్పటిదాకా దరఖాస్తులు పైకి పంపవద్దు. గ్రామ సంఘం ఇచ్చిన అప్పుకు కిస్తీ తేదీ మార్చే అధికారం గ్రామ సంఘానిదే కాబట్టి, తండా సంఘానికి 5 బదులు 15గా మార్చే ప్రతిపాదనను కార్యదర్శితో ఈ వారమే రాయించి, ఎజెండాలో చేర్చండి.

ఇట్లు,
ఏపీఎం, మండల సమాఖ్య