ఆఫర్‌కు అంగీకారం – మే 4న జాయినింగ్ – ఇంకా ఇవ్వాల్సిన కాగితాల గురించి

మాధవి గారికి,

నమస్కారమండీ. సోమవారం మీరు పంపిన ఆఫర్ లెటర్ అందింది. పలమనేరు చిల్లింగ్ సెంటర్‌లో క్వాలిటీ ల్యాబ్ కెమిస్ట్ ఉద్యోగానికి, నెలకు 24,500 రూపాయల గ్రాస్ జీతానికి, ఆరు నెలల ప్రొబేషన్‌తో సహా మిగతా షరతులన్నిటికీ నాకు సమ్మతమే. ప్రతి పేజీ మీద సంతకం చేసి, స్కాన్ కాపీ ఈ మెయిల్‌కి జత చేశాను.

ఇక్కడ నా నోటీస్ పీరియడ్ ఏప్రిల్ 30తో అయిపోతుంది. మీరు చెప్పినట్టే మే 4, సోమవారం ఉదయం 9 గంటలకల్లా వచ్చి జాయిన్ అవుతాను. తర్వాత తెల్లవారుజామున పాలు దిగే షిఫ్ట్ వేసినా ఇబ్బంది లేదు, పలమనేరులోనే ఇల్లు చూసుకుంటున్నాం.

ఆధార్, పాన్, బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ, చివరి మూడు నెలల పే స్లిప్పులు, యూఏఎన్ నంబరు ఇంటర్వ్యూ అయ్యాక పంపాను. ఇంకా ఏమేం కావాలో ఒకసారి చెప్పగలరా? నాకు ముఖ్యంగా టెన్షన్ పెడుతున్నది రిలీవింగ్ లెటర్. జాయినింగ్ రోజే ఇవ్వాలని మీ లెటర్‌లో ఉంది. మా దగ్గర మాత్రం ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ అయ్యాకే ఇస్తామంటున్నారు, అంటే దాదాపు నెలన్నర. అప్పటిదాకా రాజీనామాను ఆమోదించిన మెయిల్, చివరి పనిదినం రాసి హెచ్‌ఆర్ సంతకం చేసిన లెటర్ ఇస్తే సరిపోతుందా? చాలదంటే ఇప్పుడే చెప్పండి, ఇక్కడుండగానే అడిగి చూస్తాను. వెళ్లిపోయాక ఫోన్ ఎత్తే వాళ్లుండరు.

పేరు సంగతి కూడా ఒకటుంది. టెన్త్ మెమోలో, డిగ్రీలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో, పాన్‌లో అత్తింటి ఇంటిపేరు ఉన్నాయి. పీఎఫ్ ఖాతా ఆధార్ ప్రకారమే ఉంది కాబట్టి అక్కడ చిక్కు రాదనుకుంటున్నా. మ్యారేజ్ సర్టిఫికెట్ ఇస్తే చాలా, నోటరీ అఫిడవిట్ కూడా కావాలా? బీఎస్సీ ఒరిజినల్ డిగ్రీ ఇంకా తీసుకోలేదు, ప్రొవిజినల్, కన్సాలిడేటెడ్ మెమో ఉన్నాయి.

మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీ ఫార్మాట్‌లోనే కావాలంటే పంపండి. టైఫాయిడ్ టీకా కాగితం నా దగ్గరుంది. పీఎఫ్ ఫారం 11 ముందే నింపి తేవాలా, అక్కడే ఇస్తారా?

చివరిగా, సర్టిఫికెట్ల ఒరిజినల్స్ సరిచూసి అదే రోజు తిరిగి ఇచ్చేస్తారు కదండీ? మొదటి ఉద్యోగంలో వాటిని అప్పగించి, వెనక్కి తెచ్చుకోవడానికి నానా తిప్పలు పడ్డాను, అందుకే అడుగుతున్నాను.

ఏప్రిల్ 20లోపు తెలియజేస్తే నోటరీ, డాక్టర్ పనులు సెలవు రోజుల్లో పూర్తి చేసుకుంటాను. నన్ను ఎంపిక చేసినందుకు మీకూ, ల్యాబ్ ఇన్‌చార్జ్ గారికీ ధన్యవాదాలు.

ఇట్లు,
సునీత
తిరుపతి, 8 ఏప్రిల్ 2026