మారు రథం రోజు నాన్న యాభయ్యో పుట్టినరోజు: పెద్దకొడుకు మాటలు

నాన్నా, ముందు ఆ టూల్ బ్యాగ్ కింద పెట్టు. మోటారుకి ఏమీ కాలేదు. "భోజనాల వేళకి మోటారు కాలిపోయింది, ట్యాంకులో చుక్క నీరు లేదు, వెంటనే రా బావా" అని మావయ్య ఫోన్ చేశాడు కదా, అది మేం రాసిచ్చిన డైలాగు. మెయిన్ ఆఫ్ చేసింది చెల్లి. అయినా నువ్వు మెట్లెక్కుతూనే ముక్కు ఎగబీల్చి "కాలిన వాసన రావట్లేదే" అన్నావు. ఆ మాటతో తలుపు వెనకున్న మాకందరికీ చెమటలు పట్టాయి. ఇంకొక్క నిమిషం ఆగి ఉంటే స్టార్టర్ విప్పేసి మొత్తం గుట్టు బయటపెట్టేసేవాడివి.

అందరికీ నమస్కారం. సమస్తంకు నమస్కార. మామ్మా, అత్తయ్యలూ, మావయ్యలూ, చిన్నాన్నా, పాతపట్నం నుంచి, టెక్కలి నుంచి వచ్చినవాళ్లూ, మన వీధిలోని ఒడియా మావసా, మావసీలూ, కొట్టు దగ్గర నాన్నతో రోజూ పేచీ పెట్టుకునే పెద్దమనుషులూ, మీరంతా వచ్చినందుకు సంతోషం. నాన్నకి అనుమానం రాకుండా ఇంతమందిని ఊళ్లోకి దించడం ఎలా అని చాలా టెన్షన్ పడ్డాం. చివరికి జగన్నాథుడే దారి చూపించాడు. ఈరోజు మారు రథం, ఆయన రథం తిరిగి గుడికొచ్చే రోజు. పర్లాకిమిడిలో మారు రథానికి చుట్టాలు దిగితే ఎందుకొచ్చారని అడిగేవాడుండడు.

పుట్టినరోజు జూలై ఒకటి కదా, అయిపోయింది కదా అని కొందరు నన్ను పక్కకి పిలిచి అడిగారు. అది బడిలో చేర్చినప్పుడు హెడ్మాస్టరు గారు వేసిన తేదీ. ఆ రోజుల్లో చాలామందికి ఆయనలాంటివాళ్లే పుట్టినరోజు పెట్టేవారు. ఆధార్‌లోనూ అదే, రేషన్ కార్డులోనూ అదే. మామ్మ లెక్క మాత్రం వేరు. 1975లో మారు రథం గుడి వైపు మళ్లుతుంటే, వీధిలో గంటలు మోగుతుంటే నాన్న పుట్టాడట. మంత్రసాని ఒక కాలు ఇంట్లో, ఒక కాలు వీధిలో పెట్టుకుని ఉందట. మామ్మ ఈ కథ చెప్పినప్పుడల్లా మంత్రసాని మీద కోపం ఇంకా తగ్గలేదని తెలుస్తుంది. కాబట్టి నాన్నా, జూలై ఒకటిన ఎవరూ విష్ చేయలేదని నువ్వు అమ్మ దగ్గర అన్న మాట మాకు చేరింది. ఆగమన్నది మామ్మే.

నాన్న గురించి మీకు నేను చెప్పేదేముంది? మీలో సగం మంది మోటార్లు ఆయన చేతిలో పడి లేచినవే. కానీ ఆయన పని ఎలా ఉంటుందో దగ్గర నుంచి చూసినవాళ్లు మేమిద్దరమే, నేనూ చెల్లీ. కాలిన మోటారు విప్పగానే పాత తీగ కోసి పారెయ్యడు. ఒక్కో కాయిల్‌లో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెడతాడు. తీగ ఏ గేజ్‌దో చూస్తాడు, స్లాట్లు ఎన్నో రాసుకుంటాడు. అప్పుడుగానీ తీసెయ్యడు. తర్వాత స్లాట్లలో కాగితం పరిచి, కొత్త రాగి తీగ చుట్టి, సన్నటి వెదురు పుల్లతో లోపలికి నొక్కి, వార్నిష్ పోసి ఆరబెడతాడు. చిన్నప్పుడు చుట్లు లెక్కపెట్టే పని నాది. ఆయన చేత్తో హ్యాండిల్ తిప్పుతుంటే నేను పైకి లెక్కపెట్టాలి. ఎవరైనా కస్టమర్ మధ్యలో పలకరిస్తే ఆయన జవాబు చెప్పడు, చెయ్యి పైకెత్తి ఆగమంటాడు. చాలామంది ఆయనకి పొగరనుకున్నారు. పొగరు కాదండీ, అరవై మూడో చుట్టు.

ఆయన రాసుకునే నోటుబుక్కులు కొట్లో గూట్లో వరసగా ఉన్నాయి. ఒక పేజీలో ఎడమవైపు హెచ్‌పీ, స్లాట్లు, గేజ్, చుట్లు. కుడివైపు మనిషి పేరు, ఊరు, బాకీ. తెలుగువాళ్ల పేర్లు తెలుగులో, ఒడియావాళ్ల పేర్లు ఒడియాలో. కొండ మీద గుమ్మా వైపు నుంచి వచ్చే సవరవాళ్ల పేర్లు ఆ రోజు ఏ పెన్ను చేతికొస్తే ఆ లిపిలో. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మన ఊరు ఇటు వచ్చింది, పాతపట్నం అటు ఉండిపోయింది. ఆ గీత నాన్న నోటుబుక్కులోకి మాత్రం ఇప్పటికీ రాలేదు. కాశీనగర్ రైతు మోటారు పక్కనే మెళియాపుట్టి రైతు మోటారు, రెండింటికీ ఒకటే రేటు, ఒకటే తిట్లు. తిట్లెందుకంటే, సింగిల్ ఫేజ్ మీద నడిపి కాల్చుకు తెస్తారు గనక.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మన జిల్లాకి అది ఏం చేసిందో ఈ గదిలో ఎవరికీ చెప్పక్కర్లేదు. మా కొట్టు రేకులు లేచి పక్కవాళ్ల పెరట్లో పడ్డాయి. కరెంటు రావడానికి రోజులు పట్టింది. నీళ్లు దిగాక బురద మోటార్లు రావడం మొదలైంది. బండి మీద, సైకిలు మీద, ఇద్దరు మనుషులు కర్రకి కట్టి మోసుకుంటూ తెచ్చారు. నాన్న అద్దెకి జనరేటర్ తెచ్చాడు. మోటార్లు విప్పి, కడిగి, పెద్ద బల్బులు పెట్టి ఆరబెట్టాడు. ఆరితే బాగుపడేదాన్ని కొత్తగా చుట్టేస్తే డబ్బులొస్తాయి కదా, ఆయన ఆ పని చెయ్యలేదు. "ఆరనీ, మెగ్గర్ మీటరు పెట్టి చూద్దాం, పనికొస్తే ఎందుకు చుట్టడం" అనేవాడు. ఆ పది పన్నెండు పేజీల్లో కుడివైపు బాకీ గడిలో "పంట తర్వాత" అని రాసి ఉంది. ఆ పంట తర్వాత ఇచ్చినవాళ్లున్నారు, ఇవ్వనివాళ్లున్నారు. ఇవ్వనివాళ్లలో ఇద్దరు ఈరోజు ఇక్కడ ముందు వరసలో కూర్చున్నారు, పేర్లు చెప్పను, భోజనం చేసే వెళ్లండి.

అయితే నాన్న దేవుడేమీ కాదు. ఆ నెలలో జనరేటర్ డీజిల్‌కి అమ్మ గాజులు తాకట్టుకి వెళ్లాయి. వెళ్లే ముందు అమ్మని అడగాలి కదా? అడగలేదు. తెలిశాక అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు తనే కొట్టుకి క్యారియర్ తీసుకెళ్లింది. మోటార్లని నడిపించేది నాన్నే అని మాత్రమే అనుకున్నాం, అమ్మే ఆయన్ని ఇన్నేళ్లుగా నడిపిస్తోందని మాకు అప్పుడే అర్థమైంది. అమ్మా, ఇవాళ సగం చప్పట్లు నీవి.

ఈ అమ్మ మన ఇంటికి ఎలా వచ్చిందో చిన్న పిల్లలకి తెలియదు. నౌపడా నుంచి గుణుపూర్ దాకా అప్పట్లో చిన్న రైలు ఉండేది, న్యారోగేజ్. 1999లో నాన్న ఆ రైలెక్కి పెళ్లిచూపులకి టెక్కలి వెళ్లాడు. రైలు ఎంత మెల్లగా వెళ్లేదంటే, దారిలో దిగి సీతాఫలాలు కొనుక్కుని మళ్లీ ఎక్కానని చెబుతాడు. మావయ్య మాత్రం పళ్లు స్టేషన్ బయటే కొన్నాడంటాడు. ఆ కేసు ఇంకా తేలలేదు. రైలు 2004లో ఆగింది, బ్రాడ్‌గేజ్ 2011లో వచ్చింది. ఇప్పుడు ఎవరూ దిగి ఎక్కలేరు, అందుకే నాన్న చెప్పిందే సాక్ష్యం.

నేను ఇంజనీరింగ్ అయ్యాక విశాఖపట్నంలో ఉద్యోగానికి వెళ్తుంటే నాన్న బస్టాండుకి వచ్చాడు. ఏమీ మాట్లాడలేదు. నా బ్యాగు జిప్పు పట్టుకుని చూసి, జేబులోంచి శ్రావణం తీసి వంగిన పళ్లు సరిచేశాడు. బస్సు కదిలింది. నాకు అప్పుడు ఒకటే అనిపించింది, ఈయనకి ఎవరైనా ఏదైనా చేస్తామంటే మాత్రం చెయ్యనివ్వడు. భుజం నొప్పి ఉంది, డాక్టరు దగ్గరికి పద అంటే "సీజన్ అయ్యాక" అంటాడు. వరి సీజన్ అయ్యాక రబీ సీజన్, రబీ అయ్యాక ఎండల్లో బోర్ల సీజన్. నాన్నా, నీ క్యాలెండరులో సీజన్ అవ్వడం అనేది లేదు.

అందుకని నేనూ చెల్లీ కలిసి ఒక వైండింగ్ మెషీన్ కొన్నాం. మోటారుతో తిరుగుతుంది, చుట్లు తనే లెక్కపెడుతుంది, వేసిన నంబరు దగ్గర ఆగిపోతుంది. కింద గదిలో గోనె కప్పి ఉంది. "యంత్రం లెక్క నమ్మను" అని నువ్వు అంటావని తెలుసు. నమ్మకు, పక్కన కూర్చుని నువ్వూ లెక్కపెట్టు, కానీ హ్యాండిల్ మాత్రం తిప్పకు. ఇంకోటి. ఈ వారం నుంచి ఆదివారం కొట్టు మూసెయ్యాలి. బోర్డు రాయించేశాం, తెలుగులోనూ ఒడియాలోనూ. నీ కస్టమర్లందరి ముందు చెబుతున్నాను కాబట్టి ఎవరైనా ఆదివారం ఇంటికి మోటారు తెస్తే అమ్మ తలుపు తియ్యదు. అమ్మ తల ఊపింది, అందరూ చూశారుగా?

ఇక నేను ఆపేస్తాను, లేకపోతే దాల్మా చల్లారిపోతుందని మావసీ సైగ చేస్తున్నారు. ఛెనాపోడ బరంపురం నుంచి తెచ్చాం, పిల్లలు ముందే మీద పడకండి. కేక్ గుడ్డు లేనిదే, మామ్మ కూడా తినొచ్చు. కొవ్వొత్తులు ఊదడం మాత్రం లేదు. పుట్టినరోజు నాడు దీపం ఆర్పుతారా అని మామ్మ పొద్దున్నే గట్టిగా అడిగింది. అందుకే కుందిలో దీపం పెట్టాం. మామ్మా, నువ్వు వెలిగించు. నాన్నా, అమ్మ పక్కన నిలబడు. చెల్లీ, కత్తి ఇవ్వు. ఆసంతు, సమస్తే ఆసంతు, కేక్ కొయ్యగానే భోజనాలు.