ఉత్పత్తి అభివృద్ధి ప్రణాళిక: పత్తి తేమ మీటర్, 2026 జనవరి నుంచి నవంబర్ వరకు

మేం తయారుచేస్తున్నది చేతిలో పట్టే చిన్న మీటర్. రైతు పత్తిని దాని గిన్నెలో పెడితే తేమ శాతం ఫోన్‌లో కనిపిస్తుంది, తెలుగులో వినిపిస్తుంది. భారత పత్తి సంస్థ కొనుగోళ్లలో 8 శాతం తేమకు పూర్తి మద్దతు ధర ఇస్తారు. ఆపైన 12 వరకు ఒక్కో శాతానికి ఒక్కో శాతం ధర కోస్తారు. 12 దాటితే కొనరు. 2025-26లో పొడవు పింజకు మద్దతు ధర క్వింటాల్‌కు 8,110 రూపాయలు. 12 శాతం తేమతో పది క్వింటాళ్లు తెచ్చిన రైతుకు దాదాపు 3,244 రూపాయలు తగ్గుతాయి. 13 ఉంటే బండి కిరాయి కూడా మీద పడుతుంది. 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను వానకు చేన్లలోనే పత్తి తడిసినప్పుడు ఇది మన వరంగల్ ప్రాంతంలో ఇంటింటి సమస్య అయింది. ఆరబెట్టిన పత్తి సరిపోయిందా లేదా అన్నది కొనుగోలు కేంద్రం దగ్గర కాకుండా ఇంటి ముందే తెలియాలి.

ఈ ప్రణాళికలో అన్ని తేదీలనూ నిర్ణయించేది పత్తే. ఏరుడు దసరా ముందూ వెనకా మొదలై సంక్రాంతి దాటాక పలచబడుతుంది. అప్పుడు మీటర్ చేతిలో లేకపోతే మళ్లీ ఏడాది ఆగాలి. పరీక్షించడానికీ ఆ పత్తే కావాలి. అమ్మే కాలం, పరీక్షించే కాలం ఒకటే కావడం మా అసలు చిక్కు. అందుకే మిగతా స్టార్టప్‌ల మాదిరిగా ముందు కట్టి చివర్లో పరీక్షించడం కుదరదు. ఈ జనవరిలో దొరికే సీజన్ చివరి పత్తితోనే పరీక్ష మొదలవుతుంది, దాని ఫలితాన్ని బట్టి మీటర్ సర్క్యూట్ బోర్డు గీస్తాం.

శ్రమ లెక్క

హార్డ్‌వేర్‌కు ఒకరు, ఫర్మ్‌వేర్‌కు ఒకరు, యాప్‌కు ఇద్దరు, ఫీల్డ్ పరీక్షలకు ఒకరు: మొత్తం ఐదుగురు. 2026 జనవరి 5 నుంచి సెప్టెంబర్ 25 వరకు 38 వారాలు, అంటే 190 మనిషి-వారాలు. పండుగలు, సెలవులు, జనవరి చివరి మేడారం జాతర వారం కలిపి 30 తీసేశాం. జాతర రోజుల్లో ఊళ్లలో రైతులు దొరకరు, దొరుకుతారని రాసుకుని మోసపోవడం మాకిష్టం లేదు. మిగిలిన 160లో హార్డ్‌వేర్, ఫర్మ్‌వేర్‌కు 62, యాప్‌కు 38, పరీక్షలకు 40, అనుకోని వాటికి 20. పరీక్షల వాటా మొత్తంలో నాలుగోవంతు. ఇంకో పని ఆలస్యమైతే ఈ 40లోంచి ఒక్క వారం కూడా తీయకూడదు. ఆ 20 ఉన్నది అందుకే.

జనవరి 5 – మార్చి 13: సీజన్ చివరి పత్తి

పరకాల, నర్సంపేట, వర్ధన్నపేట వైపు రైతుల ఇళ్ల దగ్గర, జిన్నింగ్ మిల్లుల దగ్గర 300 నమూనాలు సేకరిస్తాం. 6 నుంచి 18 శాతం వరకు అన్ని స్థాయిలూ కావాలి. కష్టమైనవి 10–14 మధ్యవే, రైతు నిర్ణయం అక్కడే తారుమారవుతుంది కాబట్టి నమూనాల్లో సగం ఆ మధ్య నుంచే ఉండాలి. ప్రతి నమూనానూ మీటర్‌తో మూడుసార్లు కొలిచి, తర్వాత 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గదనేదాకా ఎండబెట్టి లెక్క చూస్తాం. ఆ లెక్క మా అందరికీ ఒకటే ఉండాలి:

```
తేమ % = (తడి బరువు − ఎండిన బరువు) ÷ తడి బరువు × 100
```

20 గ్రాముల పత్తి ఎండి 17.8 గ్రాములైతే తేమ 11 శాతం. అదే 2.2 గ్రాములను ఎండిన బరువుతో భాగిస్తే 12.4 వస్తుంది. వస్త్ర పరిశ్రమలో ఆ రెండో పద్ధతీ ఉంది. ఇద్దరు ఇంజినీర్లు రెండు పద్ధతుల్లో లెక్కేస్తే, పత్తి అదే అయినా ఒకరి లెక్కలో గట్టెక్కుతుంది, ఇంకొకరి లెక్కలో ఆగిపోతుంది.

మొదటి నమూనా పరికరంలో మాకు దొరికిన తప్పు నొక్కుడుది. వర్ధన్నపేట దగ్గర ఒక అక్క గిన్నెలో పత్తిని వదులుగా పెడితే 9 చూపించింది. అదే పత్తిని అరచేత్తో అదిమితే 11. ఆమె "ఏది నమ్మాలె?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. పత్తి ఎంత చిక్కగా ఉంటే సెన్సర్‌కు అంత తేమ కనిపిస్తుంది. కాబట్టి చేతి బలం లెక్కలోకి రాకుండా స్ప్రింగ్ మూత కావాలి.

మార్చి 16 – జూన్ 5: రెండో బోర్డు, స్ప్రింగ్ మూత

హార్డ్‌వేర్ శ్రమలో పెద్ద భాగం ఇక్కడే. పత్తి కాలం అయిపోతుంది కనుక మార్చిలోపే 40 కిలోలు కొని దాచుకుంటాం. ఉప్పుతో సంతృప్తమైన నీటిని మూత బిగించిన డబ్బాలో ఉంచితే లోపలి గాలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. అందులో పత్తిని ఉంచి ఒక స్థిరమైన తేమ స్థాయికి తెస్తాం. మే ఎండలు మాకు ఉపయోగం: నీడలో ఒకసారి, ఎండలో కాగిన మీటర్‌తో ఒకసారి కొలిచి ఉష్ణోగ్రత సవరణ సరిచూస్తాం. ఎండలో ఫోన్ తెర కనిపించదు. మాట వినిపించే సౌకర్యం అందుకే, అది అలంకారం కాదు.

జూన్ 8 – జూలై 31: యాప్, 25 పరికరాలు

జూన్‌లో వానలు పడితే రైతులంతా విత్తనాల మీద ఉంటారు, పొద్దున పూట ఎవరినీ కదిలించం. ఆ నెల యాప్ పని. నెట్ లేకున్నా నడవాలి, 2 జీబీ ర్యామ్ ఉన్న పాత ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడవాలి. 25 పరికరాలు చేసి జూలైలో రైతు ఉత్పత్తిదారుల సంఘాల సభ్యులకు ఇస్తాం. విడిభాగాలు రావడానికి ఆరు వారాలు లెక్కేసుకుని 200 పరికరాల ఆర్డర్ జూలై 6లోపు పెట్టాలి. బ్లూటూత్ ఉంది కనుక వైర్‌లెస్ అనుమతి పనీ ఈలోపే.

ఆగస్టు 3 – సెప్టెంబర్ 25: ఉత్పత్తి, తుది పరీక్ష

ప్రతి మీటర్‌నూ మూడు స్థాయిల పత్తితో విడిగా సరిచేస్తాం. దాచిన పత్తి మీద మాకు పూర్తి నమ్మకం లేదు. తాజాగా ఏరిన పత్తిలో గింజ లోపలా తేమ ఉంటుంది, అది నెలల తరబడి దాచిన దానిలో ఆరిపోతుంది. సెప్టెంబర్‌లో చెల్క భూముల్లో ముందుగా పగిలిన పత్తి దొరికిన చోటల్లా తెచ్చి పోల్చాలి.

సెప్టెంబర్ 18, శుక్రవారం నిర్ణయం. పది నమూనాల్లో తొమ్మిదింటిలోనైనా ఓవెన్ లెక్కకు ఒక శాతం లోపు తేడా ఉండాలి. 10–14 మధ్య కూడా అంతే. కుదిరితే అక్టోబర్ 5న సంఘాలకు 60 పరికరాలు. బతుకమ్మ, దీపావళి మధ్య వచ్చిన ఫిర్యాదులు సరిచేసి, నవంబర్ 12న మిగతా 140 అమ్మకానికి.

కుదరకపోతే ఒక్కటీ అమ్మం. 30 పరికరాలను ఉచితంగా ఇచ్చి, తెర మీద అంకె కనిపించకుండా, కొలతలు మాత్రం నమోదయ్యేలా ఆ సీజన్ నడిపిస్తాం. 13ను 11 అని చూపే మీటర్‌ను నమ్మి రైతు బండి కట్టుకుని పోతే వెనక్కి రావాలి. మీటర్ లేకుంటే ఆయన ఇంకో రోజు ఆరబెట్టేవాడు. ఈ ఒక్క విషయంలో పెట్టుబడిదారుల ఒత్తిడికి కూడా ఒప్పుకోమని ముందే చెబుతున్నాం. దీనివల్ల ఒక ఏడాది ఆదాయం పోవచ్చు. ఆర్థిక అంచనాల్లో ఆ పరిస్థితిని విడిగా చూపించాం.

సమయం చాలకపోతే ముందు వదిలేవి: ఏనుమాముల మార్కెట్ ధరలు చూపించడం, తర్వాత అమ్మకాల ఖాతా పుస్తకం, ఆ తర్వాత గ్రామాలవారీ పటం. ఈ మూడూ 2027 సీజన్‌కు వెళ్లినా నష్టం లేదు. స్ప్రింగ్ మూత, ఉష్ణోగ్రత సవరణ, తెలుగు మాట వదలం. ఏది వదలాలో ప్రతి నెలా మొదటి సోమవారం ఐదుగురం కూర్చుని నిర్ణయిస్తాం. పరీక్షలు చూసే వ్యక్తి కాదంటే మిగతా నలుగురూ ఒప్పుకున్నా తేదీ ముందుకు జరగదు.