నా వల్ల కాదక్కా

తమ్ముడు, రాత్రి 11:40
అక్కా పడుకున్నావా, ఏం లేదులే ఊరికే. కావలికి వచ్చినప్పటినుంచి నిద్ర పట్టడంలా, రొయ్యల గుంటల కాడికి కూడా పోలా, ఇంక నా వల్ల కాదక్కా

అక్క, 11:42
మేలుకునే ఉండా రా. నా వల్ల కాదు అని ఆపేశావే, దేని గురించో నాకు తెలీదు, ఊహించుకోను, నువ్వే చెప్పు, చెప్పబుద్ధి కాకపోతే ఊరికే ఫోన్ ఎత్తి పక్కన పెట్టుకున్నా చాలు. అలిసిపోయి అన్నావా, లేక బతకాలని లేదనిపిస్తా ఉందా? నేరుగా అడిగానని ఏమనుకోబాక, ఏం చెప్పినా కోప్పడను. అట్టా అనిపిస్తే మాత్రం ఒక్కడివే ఉండబాక, అమ్మని లేపు, నేనూ ఒంగోలు నుంచి బయల్దేరతా. మనసు బాలేనప్పుడు మాట్లాడే టెలి మానస్ నంబరు 14416కి ఏ టైములోనైనా చెయ్యొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బులుండవు. ఇప్పుడు చేస్తుండా, ఎత్తు నాన్నా