ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు: ఫీజు చివరి తేదీ, ఈపాస్ కాగితాల గురించి

అడ్మిషన్స్ ఆఫీసు వారికి నమస్తే,

నా పేరు శ్రావణి, మాది నల్గొండ జిల్లా. సీపీగెట్ రెండో విడతలో మీ దగ్గర ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు వచ్చింది. అలాట్‌మెంట్ లెటర్‌లో రిపోర్టు చేయాల్సిన తేదీ ఉంది గానీ, మిగతా ఫీజు ఎప్పటిలోగా కట్టాలో లేదు. మేం బీసీ-డి, ఇంటి ఆదాయం ఏడాదికి 1,20,000. రీయింబర్స్‌మెంట్‌కు అర్హత ఉన్నవాళ్లు కూడా ముందు మొత్తం ఫీజు కట్టాలా, స్పెషల్ ఫీజు, హాస్టల్ డిపాజిట్ కడితే చాలా? నాన్నకు పత్తి డబ్బులు దీపావళి తర్వాతే చేతికొస్తాయి, అందుకే రెండు వాయిదాల్లో కట్టే వీలుంటే చెప్పండి.

అసలు టెన్షన్ టీసీ గురించే. మూడో సంవత్సరం రీయింబర్స్‌మెంట్ ఇంకా రాలేదు, ఆ డబ్బు మీరే కడితేనే టీసీ ఇస్తామని మా డిగ్రీ కాలేజీ వాళ్లు అంటున్నారు. రిపోర్టింగ్ రోజుకి అది చేతికి రాకపోతే, హామీ పత్రం రాసిచ్చి చేరొచ్చా? సీటు మాత్రం పోగొట్టుకోలేను సార్, చాలా కష్టపడి తెచ్చుకున్నాను.

ఈపాస్ కోసం మీసేవలో మార్చిలో తీసుకున్న ఆదాయ ధ్రువపత్రం చెల్లుతుందా, కొత్తది తీసుకోవాలా? కుల ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, టెన్త్ మెమో సిద్ధంగా ఉన్నాయి. బోనఫైడ్ మీరు ఎప్పుడిస్తారో, ఈపాస్ కాగితాలు ఏ కౌంటర్‌లో ఇవ్వాలో కూడా చెప్పండి. మా ఊరి నుంచి రానుపోను ఒక రోజు పడుతుంది, ఒక్కసారి వచ్చినప్పుడే అన్నీ ఇచ్చేస్తాను.

అలాట్‌మెంట్ లెటర్, ఆదాయ, కుల ధ్రువపత్రాలు జత చేశాను. హాల్ టికెట్ నంబరు లెటర్‌లోనే ఉంది.

ఇట్లు,
శ్రావణి